షేర్లు మూడొందలు దాటినా నోటిఫికేషన్లు పదేనా? మిగతావి ఎటు పోయాయి?

ప్రశ్న: మా అమ్మ వాలుగ చేప దవడతో పత్తి ఏకుతున్న వీడియో ఫేస్‌బుక్‌లోనూ ఎక్స్‌లోనూ పెట్టాను. ఫేస్‌బుక్‌లో షేర్లు మూడొందలు దాటాయి, నోటిఫికేషన్లు మాత్రం పది కూడా రాలేదు. ఎక్స్‌లో ఒకాయన కోట్ చేసి "ఇది ఒడిశాలో" అని రాశాడు, అది వెంటనే తెలిసింది. వాట్సాప్‌లో మా చుట్టాలే ఆ వీడియో నాకు పంపుతున్నారు, ఎక్కడా నా పేరు లేదు. ఇప్పుడు రెండు పేజీలు సొంతంగా పెట్టేసుకున్నాయి. రీపోస్ట్, కోట్, షేర్, వీటిలో దేనికి నా పేరు ఉంటుంది, దేనికి నాకు తెలుస్తుంది? (పొందూరు, శ్రీకాకుళం జిల్లా)

జవాబు:

ముందు సూటిగా చెప్తాను. రీపోస్ట్ అంటే మీ పోస్టే, మీ పేరుతోనే, ఇంకొకరి ఫాలోయర్ల ముందుకు వెళ్లడం. మీ పేరు ఉంటుంది, మీకు తెలుస్తుంది. కోట్ అంటే వాళ్ల కొత్త పోస్టు, దాని లోపల డబ్బాలో మీ పోస్టు. మీ పేరు ఉంటుంది, మీకు తెలుస్తుంది, కానీ పైన ఉండే మాట వాళ్లది. షేర్ అన్న బటన్ కింద మాత్రం నాలుగైదు వేరే వేరే పనులు ఉన్నాయి. వాటిలో కొన్ని మీకు తెలుస్తాయి, ఎక్కువ తెలియవు. వాట్సాప్‌లో వీడియో ఫైల్ పంపడం, పేజీలు దించుకుని మళ్లీ ఎక్కించడం ఈ మూడింటిలో ఏదీ కాదు. అక్కడ మీ పేరు ఉండదు, మీకు కబురూ రాదు.

నేను విజయనగరంలో ఫొటోగ్రాఫర్ల పేజీలు, ఒకటి రెండు స్థానిక వార్తల పేజీలు చాలా ఏళ్లుగా చూసుకుంటున్నాను. ఇలాంటి ఫిర్యాదు ఏది వచ్చినా నేను మొదట చూసేది ఒక్కటే: జనం చూస్తున్నది మీ పోస్టునా, దాని జిరాక్స్‌నా? మీ పోస్టునే చూస్తుంటే పేరు, లెక్క, తీసేసే అధికారం అన్నీ మీ దగ్గరే ఉంటాయి. జిరాక్స్‌ని చూస్తుంటే ఆ మూడూ పోయినట్టే.

తేడా కనిపెట్టడం కష్టం కాదు. మీకు కనిపించిన చోట వీడియో పక్కనున్న పేరు మీద నొక్కండి. మీ ప్రొఫైల్‌కి వెళ్తే అది మీ పోస్టు. ఇంకో పేజీకి వెళ్తే జిరాక్స్. తేదీ కూడా చూడండి. మీరు పెట్టిన రోజు, మీ లైకులు, మీ కామెంట్లు అక్కడ కనిపిస్తే అది మీదే. లైకులు సున్నా నుంచి మొదలై నిన్నటి తేదీ ఉంటే ఎవరో ఫైల్ దించుకుని ఎక్కించారన్నమాట.

ఇక ఎక్స్ సంగతి. ట్విట్టర్‌గా ఉన్న తొలి రోజుల్లో రీపోస్ట్ బటన్ లేదు. నచ్చిన మాటని కాపీ చేసి, ముందు RT అని, మీ పేరు టైప్ చేసి తమ సొంత పోస్టుగా పెట్టేవాళ్లు. అప్పుడు అక్షరాల పరిమితి 140. పేరు పట్టక మాటలు కత్తిరించేవాళ్లు, కొందరు మార్చేసేవాళ్లు. మాట మారినా పేరు మాత్రం అసలు మనిషిదే ఉండేది. 2009లో రీట్వీట్ బటన్ వచ్చాక ఈ బెడద పోయింది. పోస్టు ఒక్క అక్షరం మారకుండా, మీ పేరు, మీ ఫొటోతో వెళ్తుంది. పైన చిన్నగా "ఫలానా వారు రీపోస్ట్ చేశారు" అన్న గీత మాత్రం ఉంటుంది. 2023లో కంపెనీ పేరు ఎక్స్ అయ్యాక రీట్వీట్ కాస్తా రీపోస్ట్ అయింది, పని మాత్రం అదే.

ఈ పద్ధతిలో మీకు అన్నిటికంటే పనికొచ్చే విషయం ఒకటుంది. మీరు అసలు పోస్టు తీసేస్తే దాని రీపోస్టులన్నీ ఒక్కసారే మాయమవుతాయి. అవతలివాళ్ల దగ్గర కాపీ ఏమీ లేదు, ఉన్నది మీ పోస్టుకి దారి మాత్రమే. మీ ఖాతాని ప్రొటెక్టెడ్‌గా, అంటే మీరు ఒప్పుకున్న ఫాలోయర్లకే పోస్టులు కనిపించేలా మార్చుకుంటే ఆ పోస్టులకి రీపోస్ట్ బటనే ఇతరులకి పనిచేయదు.

కోట్ 2015లో వచ్చింది. బయటికి రీపోస్ట్‌లాగే కనిపిస్తుంది గానీ లోపల వేరే వ్యవహారం. మిమ్మల్ని కోట్ చేసినాయన చేసింది ఒక కొత్త పోస్టు. "ఇది ఒడిశాలో" అన్న మాట ఆయన సొత్తు, కింద డబ్బాలో ఉన్నది మీది. ఆ కోట్‌కి వచ్చే లైకులు, జవాబులు, రీపోస్టులు అన్నీ ఆయన ఖాతాలో పడతాయి. మీకు కోట్ చేశారన్న నోటిఫికేషన్ వస్తుంది, అంతవరకే. ఆ తర్వాత ఆయన కోట్‌ని వందమంది రీపోస్ట్ చేస్తే ఆ వంద కబుర్లూ ఆయనకే వెళ్తాయి. మీ వీడియో వేలమంది చూశారని చుట్టాలు చెప్తున్నా మీ ఫోన్ మోగకపోవడానికి ఇది ఒక కారణం.

మీరు కోపంలో అసలు పోస్టు తీసేద్దామనుకుని ఉంటారు. తీసేయకండి. రీపోస్టులు మీతోపాటు పోతాయి గానీ కోట్ పోదు. ఆయన రాసిన తప్పు మాట అలాగే ఉంటుంది. కింద మీ వీడియో ఉన్న చోట "ఈ పోస్ట్ అందుబాటులో లేదు" అని వస్తుంది. అంటే తప్పు మిగిలి, తప్పని చూపించే ఆధారం పోతుంది. చదివేవాళ్లు ఒడిశా అనే అనుకుంటారు.

దానికి బదులు రెండు పనులు చేయండి. ఆయన కోట్ కింద మర్యాదగా జవాబివ్వండి: ఇది శ్రీకాకుళం జిల్లా పొందూరు, ఇది తీసింది నేను, ఏకుతున్నది మా అమ్మ అని. తర్వాత మీ సొంత పోస్టునే మీరు కోట్ చేసి అసలు విషయం వివరంగా రాయండి. వాలుగ చేప దవడకి సన్నని పళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయని, వాటితో దువ్వితే పత్తిలో చెత్త పోయి పోగులు ఒక దారికి వస్తాయని, పొందూరు ఖాదీకి ఆ సన్నదనం అక్కడి నుంచే మొదలవుతుందని రాయండి. వీడియో చూసి "అదేంటి, చేప ఎముకతోనా?" అని అడిగే ప్రతివాళ్లకీ అది జవాబు అవుతుంది. మీ కోట్‌కి వచ్చే స్పందన కూడా మీ ఖాతాలోనే పడుతుంది.

ఎవరెవరు కోట్ చేశారో ఒకచోట చూడటానికి నోటిఫికేషన్ల కోసం కాచుకుని కూర్చోనక్కర్లేదు. కంప్యూటర్లో మీ పోస్టు లింక్ తెరిచి, అడ్రస్ చివర ఒక మాట చేర్చండి:

```
https://x.com/మీ_యూజర్‌నేమ్/status/పోస్ట్_నంబర్/quotes
```

బయటికి కనిపించే కోట్లన్నీ వరసగా వస్తాయి. దీనికీ హద్దులున్నాయి. ప్రొటెక్టెడ్ ఖాతా నుంచి ఎవరైనా కోట్ చేస్తే, మీరు ఆ ఖాతాకి ఆమోదం పొందిన ఫాలోయర్ కాకపోతే అది మీకు కనిపించదు. కోట్ చేసినవాళ్లు మిమ్మల్ని బ్లాక్ చేసి ఉన్నా అంతే. మీ సెట్టింగ్స్ కూడా ఒకసారి చూసుకోండి. నోటిఫికేషన్ల విభాగంలో ఫిల్టర్లు అని ఉంటాయి. మిమ్మల్ని ఫాలో అవ్వనివాళ్ల నుంచి, కొత్త ఖాతాల నుంచి వచ్చే కబుర్లు ఆపేసే మీటలు అక్కడే ఉంటాయి. వీడియో వైరల్ అయినప్పుడు మన దగ్గరికి వచ్చేది అలాంటి కొత్తవాళ్లే కాబట్టి, ఆ మీట పొరపాటున ఆన్‌లో ఉంటే సగం కబుర్లు అక్కడే ఆగిపోతాయి.

చాలామంది నన్ను అడుగుతుంటారు, కోట్ చేయకుండా ఆపలేమా అని. ఎక్స్‌లో జవాబులు ఎవరివ్వాలో మీరు నిర్ణయించుకోవచ్చు, కానీ ఆ నిబంధన కోట్‌ని ఆపదు. ఆ ఒక్క మనిషిని బ్లాక్ చేస్తే ఆయన ఇక కోట్ చేయలేడు, రీపోస్ట్ చేయలేడు. కానీ 2024 చివరి నుంచి బ్లాక్ అయినవాళ్లకి కూడా మీ పబ్లిక్ పోస్టులు కనిపిస్తున్నాయి, కాబట్టి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవచ్చు. స్క్రీన్‌షాట్‌లో మీ పేరు బొమ్మగా ఉంటుందే తప్ప లింక్ కాదు, మీకు నోటిఫికేషనూ రాదు. నా దృష్టిలో ఒక పొరపాటు మాటకి బ్లాక్ చేయడం తొందరపాటు. కోట్ విషయంలో ఎక్స్‌లాంటి ఇంకో వేదిక బ్లూస్కై నాకు నచ్చింది. 2024 నుంచి అక్కడ అసలు రచయితే తన పోస్టుని ఒకరి కోట్ నుంచి విడదీసుకోవచ్చు. వాళ్ల మాట మిగులుతుంది, మీ పోస్టు డబ్బా మాత్రం ఖాళీ అవుతుంది. ఎక్స్‌లో అలాంటిది లేదు.

ఇక మీ అసలు ప్రశ్న, ఫేస్‌బుక్ షేర్లు. అంకె మూడొందలు, కబుర్లు పది. ఇది చూసి మోసం జరిగిందనుకోకండి. ఆ అంకె షేర్ చేశారన్న లెక్క. పేర్ల జాబితా వేరే. జాబితాలో మీరు చూడటానికి అనుమతి ఉన్న షేర్లే కనిపిస్తాయి.

మీ ఊళ్లో జరిగినట్టే ఊహించి చెప్తాను. మీ మేనత్త కొడుకు ఆమదాలవలసలో ఉంటాడనుకుందాం. అతను షేర్ నొక్కి, పబ్లిక్‌గా తన ఫీడ్‌లో పెట్టాడు. మీకు కబురు వస్తుంది, షేర్ల మీద నొక్కితే అతని పోస్టు కనిపిస్తుంది, అక్కడ కామెంట్ కూడా పెట్టొచ్చు. అతని స్నేహితుడొకడు, మీకు పరిచయం లేనివాడు, అదే వీడియోని తన ఫ్రెండ్స్‌కి మాత్రమే కనిపించేలా షేర్ చేశాడు. అంకె ఒకటి పెరుగుతుంది. మీరు అతని ఫ్రెండ్ కాదు కాబట్టి ఆ పోస్టు మీకు కనిపించదు. మూడో అతను చేనేత పనివాళ్ల ప్రైవేట్ గ్రూపులో పెట్టాడు. మీరు ఆ గ్రూపులో లేరు, అక్కడ జరిగే చర్చ మీ కంటపడదు. నాలుగో ఆవిడ లింక్ కాపీ చేసుకుని తన అన్నకి మెసేజ్‌లో పంపింది. అక్కడ మీకు ఏ కబురూ రాదు, పేరూ తెలియదు. ఎవరు ఎవరికి సొంతంగా ఏం పంపుకున్నారో మీకు చెప్పడం వాళ్ల గోప్యతకి అడ్డం కాబట్టి అలా పెట్టారు, అది సబబే అంటాను. దీనికి తోడు ఫేస్‌బుక్ కబుర్లని కలిపేస్తుంది. "ఫలానావారు, మరికొందరు మీ పోస్టు షేర్ చేశారు" అని ఒక్క గంట కొట్టి ఊరుకుంటుంది. మీరు పది అని లెక్కపెట్టినవాటిలో అలాంటివి ఎన్నున్నాయో ఒకసారి తెరిచి చూడండి.

అయితే పై నలుగురిలో ప్రతి ఒక్కరి దగ్గరా జనం చూసేది మీ పోస్టునే. మీ పేరు కనిపిస్తుంది, చూసిన లెక్క మీ వీడియోకే పడుతుంది. కబురు రాలేదు గానీ క్రెడిట్ పోలేదు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే చాలామంది అనవసరంగా టెన్షన్ పడతారు.

ఫేస్‌బుక్ షేర్‌లో ఇంకో సుగుణం ఉంది. షేర్లలో కనిపించేది మీ అసలు పోస్టే కాబట్టి మీరు దాని మీద రాసిన మాటలు సవరిస్తే ఆ షేర్లలోనూ సవరించిన మాటే కనిపిస్తుంది. మీరు మొదట ఏం రాసి పెట్టారో నాకు తెలియదు గానీ, "మా అమ్మ" అని ఒక్క ముక్క రాసి ఊరుకుని ఉంటే ఇవాళే ఎడిట్ చేయండి. ఊరు, జిల్లా, ఏం చేస్తున్నారు, వీడియో ఎవరు తీశారు, ఇవి మొదటి రెండు వరసల్లోనే రావాలి. ఆ కింద రాస్తే "ఇంకా చూడండి" వెనక దాక్కుంటాయి. మూడొందల షేర్లూ ఒక్క దెబ్బతో సరి అవుతాయి. ఈ వివరాలు కామెంట్‌లో మాత్రం పెట్టకండి. పోస్టు షేర్ అయినప్పుడు మీ కామెంట్ దాని వెంట ప్రయాణం చేయదు.

పోస్టు ఎవరికి కనిపించాలన్నది కూడా మార్చకండి. పబ్లిక్ నుంచి ఫ్రెండ్స్‌కి మార్చిన క్షణం నుంచి, మీ ఫ్రెండ్స్ కానివాళ్లకి షేర్లన్నింటిలోనూ "ఈ కంటెంట్ ప్రస్తుతం అందుబాటులో లేదు" అని వస్తుంది. మొదటి నుంచీ ఫ్రెండ్స్‌కే పెట్టి ఉంటే "నేను షేర్ చేశాను, మావాళ్లకి కనిపించట్లేదు" అని చుట్టాలు అనేవాళ్లు. అప్పుడు తప్పు వాళ్ల ఫోన్‌ది కాదు, మీరు పెట్టిన హద్దుది.

ఇన్‌స్టాగ్రామ్ గురించి మీరు అడగలేదు, కానీ ఆ వీడియో అక్కడికి చేరే ఉంటుంది. ఎవరైనా మీ పబ్లిక్ పోస్టుని తమ స్టోరీలో పెట్టుకుంటే మీ పేరు దాని మీద ఉంటుంది, నొక్కితే మీ పోస్టుకి వెళ్తుంది. కానీ వాళ్లు మిమ్మల్ని విడిగా మెన్షన్ చేస్తేనే మీకు మెసేజ్ వస్తుందని లెక్కపెట్టుకోండి. 2025 ఆగస్టులో అక్కడ రీపోస్ట్ బటన్ కూడా వచ్చింది. అది ఎక్స్ రీపోస్ట్‌లాగే మీ పేరుతోనే తిరుగుతుంది.

ఇప్పుడు వాట్సాప్. మీ మనసుకి ఎక్కువ కష్టం కలిగించింది ఇదే అని మీ మాటల్లోనే తెలుస్తోంది. సొంతవాళ్లే సొంత వీడియో పంపి "చూశావా ఎంత బాగుందో" అంటే ఎవరికైనా బాధే.

ఇక్కడ రెండు రకాలు జరుగుతాయి. మీ ఫేస్‌బుక్ పోస్టు లింక్ పంపితే, నొక్కినవాళ్లు మీ పోస్టుకే వస్తారు. ఎవరు పంపారో మీకు తెలియదు గానీ క్రెడిట్ మీదే. అదే వీడియో ఫైల్‌ని పంపితే మాత్రం పోస్టుతో తెగతెంపులైపోయినట్టే. మీ పేరు, మీరు రాసిన మాటలు, తేదీ ఏవీ ఫైల్‌తో రావు. మీ చుట్టాల దగ్గర ఉన్నది ఈ రెండోది.

ఫైల్ మీద కనిపించే ఫార్వర్డెడ్ అన్న గుర్తు 2018లో వచ్చింది. అది "ఇది నేను తీసింది కాదు, ముందుకి పంపాను" అని మాత్రమే చెప్తుంది, ఎవరు తీశారో చెప్పదు. రెండు బాణాలతో "చాలాసార్లు ఫార్వర్డ్ అయింది" అని ఉంటే, మొదట పంపిన మనిషి నుంచి ఆ సందేశం కనీసం ఐదు చేతులు మారిందని అర్థం. 2020 నుంచి అలాంటివాటిని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తున్నారు. ఆ మొదట పంపిన మనిషి మీరే కానక్కర్లేదు. ఎవరో దించుకుని గ్యాలరీ నుంచి కొత్తగా పంపితే గుర్తు పోయి, లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. అందుకని వాట్సాప్‌లో మీ వీడియో ఎక్కడ మొదలైందో వెతకడానికి సమయం పెట్టకండి. సందేశాలు పంపినవాళ్లకి, అందుకున్నవాళ్లకి తప్ప ఇంకెవరికీ తెరుచుకోవు. దాన్ని వెనక్కి నడిపించే దారి మీకు లేదు.

టెలిగ్రామ్‌లో పద్ధతి వేరు. అక్కడ ఫార్వర్డ్ చేస్తే ఏ ఛానెల్ నుంచి వచ్చిందో పేరు వెంట వస్తుంది, కాకపోతే పంపేవాళ్లు పేరు దాచి కూడా పంపొచ్చు.

వాట్సాప్‌కి విరుగుడు ఒక్కటే, పేరు వీడియోలోనే ఉండాలి. మా విజయనగరంలో నాకు బాగా తెలిసిన ఒక కుర్రాడు పైడితల్లమ్మ సిరిమానోత్సవం వీడియో తీసి, కింద కుడి మూలన తన పేరు వేసుకున్నాడు. వీడియో అడ్డంగా తీసింది. దించుకున్న పేజీవాళ్లు ఫోన్‌కి సరిపడేలా నిలువుగా కత్తిరించారు. సిరిమాను మధ్యలో ఉంది, అది మిగిలింది. మూలనున్న పేరు కత్తెరలో పోయింది. వాళ్లు కావాలని పేరు చెరిపారని కూడా రుజువు చేయలేని పరిస్థితి. మరుసటి ఏడు అతను పేరుని సిరిమాను మొదలు దగ్గర, బొమ్మ మధ్య మూడో వంతులో, లేత తెలుపులో వేశాడు. ఎలా కత్తిరించినా పేరు పోవాలంటే సిరిమాను కూడా పోవాలి. మీ వీడియోలో అమ్మగారి చేతులు, దవడ ఉన్నచోటికి కాస్త కింద "పొందూరు" అని, మీ ఖాతా పేరు వేసుకోండి. మొహానికి, చేతులకి అడ్డం రాకూడదు. ఇంకా మంచిది, మొదటి మూడు నాలుగు సెకన్లలో మీ గొంతుతో ఒక మాట చెప్పండి: "ఇది పొందూరు, మా అమ్మ వాలుగ దవడతో పత్తి ఏకుతోంది." బొమ్మ మీది అక్షరాలు కత్తిరించినంత తేలిగ్గా గొంతుని తీయడం కుదరదు. పాట వేసి గొంతు నొక్కేసేవాళ్లుంటారు, దానికి మాత్రం మనం ఏమీ చేయలేం.

చుట్టాలకి కూడా ఒక మాట చెప్పండి, నొచ్చుకోకుండా: "వీడియో బదులు లింక్ పంపండి అత్తా, అమ్మ పేరు చూస్తారు" అని. వాళ్లకి తేడా తెలియక చేస్తున్నారు, అంతే.

చివరిగా ఆ రెండు పేజీలు. అవి షేర్ చేయలేదు, దించుకుని ఎక్కించాయి, కాబట్టి అక్కడ వచ్చే లైకులు, ఫాలోయర్లు, ఆదాయం ఉంటే అది, అన్నీ వాళ్లవే. సాధారణంగా ఇలాంటి పేజీలు కింద "వీడియో: సోషల్ మీడియా" అని రాస్తాయి. ఇంకొందరు అసలు మనిషి పేరు రాస్తారు గానీ ట్యాగ్ చేయరు. ఈ రెండింటికీ పెద్ద తేడా లేదు. పేరు మామూలు అక్షరాల్లో టైప్ చేస్తే అది లింక్ కాదు, మీకు నోటిఫికేషన్ రాదు, నొక్కినా మీ దగ్గరికి రారు. @ కొట్టి, కింద వచ్చిన జాబితాలోంచి మీ ఖాతాని ఎంచుకుంటేనే ట్యాగ్ అవుతుంది. ఒకే పేరుతో పది ఖాతాలుంటాయి కాబట్టి తప్పు మనిషిని ట్యాగ్ చేసిన సందర్భాలు నేను చాలా చూశాను. అందుకే మీ ప్రొఫైల్ లింక్‌ని మీరే పంపడం మంచిది.

ఏ పేజీకైనా ముందు మెసేజ్ పెట్టండి. దానికి ముందు మాత్రం వాళ్ల పోస్టుని తేదీ, పేజీ పేరు, లింక్ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసుకోండి. మెసేజ్ చూసి మాట మార్చేవాళ్లుంటారు. మెసేజ్‌లో మీ అసలు పోస్టు లింక్, అది పెట్టిన తేదీ, ఫోన్‌లో ఉన్న కత్తిరించని ఫైల్ నుంచి ఒక స్క్రీన్‌షాట్ పెట్టండి. వాళ్లు వాడిన తునక కంటే మీ ఫైల్ ముందూ వెనకా ఎక్కువ ఉంటుంది కదా, తీసింది మీరే అనడానికి అంతకు మించిన రుజువు అక్కర్లేదు. ఆ అసలు ఫైల్ ఎప్పుడూ తుడిచేయకండి. అడగాల్సింది కూడా స్పష్టంగా అడగండి: మీ కాపీ తీసేసి నా పోస్టుని షేర్ చేయండి, లేదా మాటల్లో మొదటి వరసలోనే నన్ను ట్యాగ్ చేయండి. నేనైతే మొదటిదే అడుగుతాను. ట్యాగ్ చేసినా లెక్క వాళ్లకే పడుతుంది, మీకు దక్కేది ఆ ఒక్క కబురు.

చాలా పేజీలు ఈ మెసేజ్‌కే దిగివస్తాయి. దిగిరాకపోతే ఫేస్‌బుక్‌లో కాపీరైట్ రిపోర్ట్ ఫారం ఉంది. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మీరు తీసిన వీడియో మీద హక్కు తీసిన క్షణం నుంచే మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. పబ్లిక్‌గా పెట్టినంత మాత్రాన దించుకుని ఎక్కించే హక్కు ఎవరికీ రాదు. వాళ్లకి ఉన్నది షేర్ బటన్ నొక్కే వీలు మాత్రమే. ఫారం నింపాల్సింది హక్కు ఉన్న మనిషి, అంటే మీరు. మీ తరఫున అభిమానులు వందమంది రిపోర్ట్ కొట్టినా ఆ పని జరగదు. ఒక జాగ్రత్త: ఫారంలో ఇచ్చిన మీ పేరు, ఈమెయిల్ అవతలి పేజీకి చేరే అవకాశం ఉంది. కాబట్టి బ్యాంకుకీ ఇంటి వ్యవహారాలకీ వాడే ఈమెయిల్ కాకుండా దీనికోసం వేరేది పెట్టుకోండి. రెండు పేజీలకీ రెండు లింకులు విడివిడిగా ఇవ్వండి, పేజీ లింక్ కాదు, ఆ వీడియో లింక్. పేజీ లింక్ ఒక్కటే ఇస్తే ఏ వీడియోనో వాళ్లకి తెలియక ఫిర్యాదు వెనక్కి వస్తుంది.

ఒక పేజీ వాళ్లు "మాకు వాట్సాప్‌లో వచ్చింది, మీదని ఎలా తెలుస్తుంది" అనొచ్చు. నిజమే అయ్యుంటుంది కూడా. గొడవ పెట్టుకోకుండా మీ పోస్టు లింక్ మళ్లీ ఒకసారి పంపి, ఇప్పుడు తెలిసింది కాబట్టి ఇవాళే మార్చమనండి. రెండు రోజుల్లో మార్చకపోతే ఫారం నింపేయండి.